అటక దూలానికి పంచింగ్ బ్యాగ్: ఆరు వారాల డైరీ

జూన్ 7, శనివారం

2022లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు మా అమ్మాయి టీవీ ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఊళ్లో చిన్న జిమ్ము ఉంది, అక్కడ బ్యాగు దగ్గర ఎప్పుడూ క్యూ. ఇంట్లో ఒకటి వేలాడదీద్దామంది. సరే అన్నాను. అంత తేలిక పని అనుకోబట్టే అన్నాను.

బ్యాగు నాలుగడుగులది. ఖాళీ తోలు కవరు కొని, దర్జీ దగ్గర తెచ్చిన గుడ్డ ముక్కలు దట్టించాం. మధ్యలో గోనెగుడ్డలో కట్టిన ఇసుక పెట్టాం. పాత ఇనుము కొనే అతని వేలాడే కాటా మీద తూస్తే 39 కిలోలు తేలింది. మా అమ్మాయి బరువుకు ఎక్కువే. కానీ తేలిక బ్యాగయితే ప్రతి గుద్దుకీ అటూ ఇటూ పరుగెడుతుందని వాళ్ల కోచ్ అన్నారట.

మాది తాతగారు కట్టించిన పాత ఇల్లు. నడిమింట్లో పైన అటక, దాని కింద మూడు టేకు దూలాలు. నడిమి దూలానికి ఉయ్యాల కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి.

అమ్మ ఆ కొక్కేలే చూపించింది. "నలుగురెక్కి ఊగినా ఏం కాలేదురా. కొత్తగా దూలానికి కన్నం ఎందుకు?"

నాకూ అదే సబబనిపించింది. నిచ్చెనెక్కి కొక్కేన్ని దగ్గరగా చూసేదాకా.

పైనుంచి చూస్తే గుండ్రంగా, దిట్టంగా ఉంది. కింద వంపులో, గొలుసు ఆనేచోట, వేలితో తడిమితే జారుడు బండలా నున్నటి గాడి. వెర్నియర్ పెట్టి చూశాను. కాడ 16 మిల్లీమీటర్లు, గాడి దగ్గర 11. ఏళ్ల తరబడి ఊగిన గొలుసు కొక్కేన్ని ఆకురాయిలా అరగదీసింది. వంపు దగ్గర ఆ మందం పోతే బలం సగం కూడా మిగలదు. పైగా అది నోరు తెరిచిన కొక్కెం. ఉయ్యాల ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి గొలుసు అందులోనే కూర్చుంటుంది. బ్యాగును కింద నుంచి గుద్దితే ఒక్క క్షణం పైకి లేస్తుంది, ఆ క్షణంలో గొలుసు కొక్కెంలోంచి తప్పుకోవచ్చు. ఉయ్యాల బరువును నాలుగు కొక్కేలు పంచుకునేవన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

కొక్కేలను అమ్మ జ్ఞాపకాలకు వదిలేశాను.

జూన్ 8, ఆదివారం

ఉదయం వడ్రంగి మేస్త్రి గారు వచ్చారు. ఆయన ముందు దూలం మధ్యకి వెళ్తారనుకున్నాను. నేరుగా గోడ దగ్గరికి వెళ్లారు. "దూలం చచ్చేది గోడలోనండి, మధ్యలో కాదు" అన్నారు. గోడలో కూరుకున్న కొసకు తేమ తగులుతుంది, చెదలూ అటునుంచే వస్తాయి. సుత్తి వెనక భాగంతో వరసగా కొట్టుకుంటూ వెళ్లారు. గట్టి కర్ర ఠంగుమంది. నడిమి దూలం పడమటి కొస మాత్రం పగిలిన కుండలా డొల్లగా పలికింది. దబ్బనం పెట్టి పొడిస్తే రెండు సెంటీమీటర్లు మెత్తగా దిగిపోయింది. మంచి టేకులో దాని మొన కూడా సరిగా దిగదు.

ఉయ్యాల దూలమే పుచ్చిందని తెలిసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. దాని మీద అటకలో ఉన్న ఇత్తడి గంగాళాలన్నీ సాయంత్రానికి కిందకి దించేశాం. దాని వైద్యం వేరే కథ. వంటింటి వైపు దూలం రెండు కొసలూ గట్టిగా ఉన్నాయి, బ్యాగు దానికే.

రాత్రి లెక్క వేసుకున్నాను. బ్యాగు 39 కిలోలు కదా, దూలానికి అంతే బరువు అనుకోవడమే అసలు పొరపాటు. ఊగుతున్న బ్యాగు అట్టడుగుకి వచ్చినప్పుడు గొలుసును దాని బరువు కంటే ఎక్కువగా లాగుతుంది. 45 డిగ్రీల ఎత్తు నుంచి వస్తే 1.6 రెట్లు, నేలకు సమాంతరంగా లేచి వస్తే 3 రెట్లు. కింద నుంచి గుద్దినప్పుడు గొలుసు వదులై మళ్లీ బిగుసుకునే కుదుపు దీనికి అదనం. అందుకని బ్యాగు బరువుకు ఐదు రెట్లు, అంటే గుండుగుత్తగా 200 కిలోలు పెట్టుకున్నాను.

దూలం వెడల్పు 12.5 సెంటీమీటర్లు, లోతు 20, గోడకూ గోడకూ మధ్య 3 మీటర్లు. దూలాన్ని వంచే బలం బరువును, పొడవును గుణించి నాలుగుతో భాగిస్తే వస్తుంది, బరువు సరిగ్గా మధ్యలో ఉంటే. 200 కిలోలు, 300 సెంటీమీటర్లు, అంటే 15,000. దాన్ని తట్టుకునే దూలం ఆకారాన్ని వెడల్పును లోతు వర్గంతో గుణించి ఆరుతో భాగించి లెక్కగడతారు. అది 833. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 18 కిలోలు. అటక మీద సామాను 450 కిలోలు అనుకుంటే దానికో 20, దూలం సొంత బరువుకు 2. మొత్తం 40. బోల్టు కోసం 13 మిల్లీమీటర్ల కన్నం పెడితే ఆ చోట పదో వంతు వెడల్పు పోతుంది కాబట్టి 45 అనుకోవచ్చు. మంచి టేకు వందకు పైనే తట్టుకుంటుంది. పాత కర్ర కదా అని నేను 80 దగ్గరే ఆగాను. అయినా దాదాపు సగం చోటు మిగిలింది.

లోతు వర్గం అవుతుందన్నది గమనించాలి. ఇదే దూలాన్ని పక్కకు పడుకోబెట్టి వేసి ఉంటే 833 కాస్తా 520 అయ్యేది.

జూన్ 14, శనివారం

సామాను కొనడానికి వెళ్లాను. బావగారు తోడొచ్చారు, సలహాలతో సహా. ఒక బోల్టు బదులు నాలుగడుగుల దూరంలో రెండు బోల్టులు వేసి, గొలుసుల్ని గుడి గోపురం తలకిందులైనట్టు కలిపి బ్యాగు కడితే బరువు చెరి సగం అవుతుందన్నారు. వినడానికి బాగుంది. కానీ మాకు గొలుసు దిగే లోతు యాభై సెంటీమీటర్లే ఉంది. అంత తక్కువ లోతులో రెండు పక్కలకీ అరవై చొప్పున విడితే గొలుసులు బాగా పడుకుంటాయి, నిలువు నుంచి 50 డిగ్రీలు. అప్పుడు 200 కిలోలకు ఒక్కో గొలుసు మోసేది 100 కాదు, 156. అది కూడా పక్కవాటుగా. తల చోట గుండ్రటి కన్ను ఉండే 12 మిల్లీమీటర్ల లిఫ్టింగ్ ఐ బోల్టు నిలువుగా లాగితే 340 కిలోలకు పనికొస్తుంది, పక్కకి లాగితే సగం 170కి పడిపోతుంది. రెండు బోల్టులు కొని ఒక బోల్టు పాటి భద్రత కూడా లేకుండా పోతుందన్నమాట. బావగారు "మీ లెక్కలు మీవి" అన్నారు.

కొట్లో మొదట ఇచ్చిన ఐ బోల్టు కన్ను ఊచను వంచి చేసింది. కన్ను మొదట్లో, కాడను తాకేచోట, గోరు దూరేంత సందు ఉంది. లాగితే ఆ సందు విచ్చుకుంటుంది. కన్నూ కాడా ఒకే ముక్కగా కాల్చి కొట్టినది అడిగితే కొట్టతను లోపలికి వెళ్లి దుమ్ము దులిపి తెచ్చాడు. 12 మిల్లీమీటర్ల కాడ, 300 పొడవు, సందు ఎక్కడా లేదు, కన్ను కింద భుజం ఉంది. దానికే డబ్బులిచ్చాను.

మిగతావి త్వరగా అయ్యాయి. 6 మిల్లీమీటర్ల ఊచతో చేసి కడేలన్నీ వెల్డు చేసిన గొలుసు రెండు గజాలు, గొలుసుల్ని కలిపే 10 మిల్లీమీటర్ల షాకిళ్లు మూడు, బ్యాగు తిరిగినా గొలుసు మెలిపడనివ్వని బేరింగు ఉన్న స్వివెల్ ఒకటి. స్వివెల్ వేలికి పట్టుకుని తిప్పితే గరగర లేకుండా తిరగాలి. బేరింగు లేని చవక రకం చేతిలో బాగానే తిరుగుతుంది, బరువు పడగానే బిగుసుకుంటుంది. ఆ తేడా కొట్లోనే తెలుసుకోవాలంటే కింద కాలితో తొక్కిపట్టి పైకి లాగుతూ తిప్పి చూడాలి. నేను అలా చేస్తుంటే కొట్టతను వింతగా చూశాడు.

వెల్డింగ్ షాపులో రెండు ఇనుప ప్లేట్లు కోయించాను. 10 సెంటీమీటర్ల చదరం, 8 మిల్లీమీటర్ల మందం, నడుమ కన్నం. బోల్టుతో వచ్చే చిన్న వాషరు చాలదా అంటే చాలదు. దాని అడుగు వైశాల్యం మూడు చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. 200 కిలోలు దాని మీద పడితే చదరపు సెంటీమీటరుకు అరవై పైన. టేకు అడ్డపొరకు నలభైకి మించి పెట్టకూడదు, వాషరు మెల్లగా కర్రలోకి దిగబడి నట్టు వదులవుతుంది. పెద్ద ప్లేటయితే రెండు కిలోలే.

జూన్ 15, ఆదివారం

కన్నం వేసే రోజు. అటక ఉండటం మా అదృష్టం. ఒక చెక్క లేపితే దూలం నెత్తి కనిపిస్తుంది, బోల్టును కింద నుంచి పైకి పూర్తిగా దూర్చి పైన నట్టు వేసుకోవచ్చు. అటక లేని ఇళ్లలో చాలామంది కింద నుంచి స్క్రూ కొక్కెం తిప్పేస్తారు. అది మొత్తం బరువును నాలుగైదు మరల పట్టు మీద వదిలేయడమే. కుదుపులకు ఆ మరల చుట్టూ కర్ర నలిగి, ఒకరోజు కొక్కెం మూతలా ఊడొస్తుంది.

చోటు దూలం మధ్యలో కాదు, తూర్పు గోడ నుంచి 120 సెంటీమీటర్ల దగ్గర పెట్టాం. అలా అయితే అమ్మాయి బ్యాగు చుట్టూ తిరగొచ్చు, వంటింటి తలుపుకి అడ్డం ఉండదు. వెడల్పులో మాత్రం సరిగ్గా నడుమ. తూకం గుండు దారాన్ని దూలం రెండు పక్కలా వదిలి, పైనా కిందా ఒకే నిలువు గీతలో గుర్తులు పెట్టారు మేస్త్రి గారు. నేను డ్రిల్లు తెచ్చాను. ఆయన నా డ్రిల్లు వైపు చూసి, తన సంచిలోంచి పొడవాటి బరమా ములికి తీసి దానికి బిగించారు.

పై నుంచి కిందికి వేశాం. సగం దిగాక కీచుమని ఆగిపోయింది. లోపల పాత చేతిమేకు. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో. ములికి మొన ఒక పక్క మాసిపోయింది. అక్కడే మొండిగా నొక్కితే ములికి పక్కకు పారిపోతుందని, మేస్త్రి గారు ఒక అంగుళం పక్కకు జరిగి కొత్త కన్నం మొదలుపెట్టారు. ఈ రెండో కన్నం లెక్క నాకు లేదు. సగం లోతు వరకే ఉన్న పాత కన్నంలోకి టేకు మేకు చెక్కి జిగురుతో కొట్టారు. లెక్క ప్రకారం దూలానికి ఇంకా చోటుంది కాబట్టి ఊరుకున్నాను. కానీ కన్నం మొదలుపెట్టే ముందే అక్కడ ఇనుప మేకుల కోసం అయస్కాంతం తిప్పి చూసి ఉంటే అయిపోయేది.

కిందికి వచ్చేటప్పుడు కర్ర చీలకుండా అడుగున చెక్కముక్క అదిమి పట్టుకున్నాను. కన్నం గురి మూడు మిల్లీమీటర్లు తప్పింది. ఇరవై సెంటీమీటర్ల లోతుకి అది తప్పు కాదన్నారు.

బోల్టు బిగించేటప్పుడు ఒకటి కచ్చితంగా చూశాను. ఐ బోల్టు భుజం దూలం అడుగున ఉన్న ప్లేటుకు అతుక్కుపోయి ఉండాలి. భుజానికీ ప్లేటుకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే, బ్యాగు ఊగినప్పుడల్లా బయటికి ఉన్న ఆ కాడ అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను పదే పదే వంచి తెంపినట్టే, కొన్ని నెలల్లో మర మొదట్లో తెగుతుంది. పైన ప్లేటు, నట్టు, దాని మీద లాక్‌నట్టు. మా ఆవిడ గోళ్ల రంగు అడిగి తెచ్చి నట్టు మీదుగా ప్లేటు మీదికి ఎర్ర గీత ఒకటి గీశాను. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

జూన్ 15, రాత్రి

బరువు పరీక్ష. బ్యాగు కట్టే ముందు ఉయ్యాల బల్ల అటకెక్కిన చోటు నుంచి దిగింది. దాని నాలుగు గొలుసుల్నీ కొత్త ఐ బోల్టు కింద ఒక్క షాకిల్‌లో కలిపి, బల్ల నేలకి రెండంగుళాల ఎత్తులో ఉండేలా సరిచేశాం. ఏది తెగినా పడేది రెండంగుళాలే. పక్కింట్లో కడుతున్నారు, నాలుగు సిమెంటు బస్తాలు అరువు అడిగాను. ఒక్కోటి 50 కిలోలు. బల్ల బరువు 22తో కలిపి 222.

దూలం కింద గోడ నుంచి గోడకు తాపీ మేస్త్రీల నూలుదారం బిగించి, బోల్టు పక్కన దారానికీ దూలానికీ మధ్య స్కేలు పెట్టాను. ఒక్కో బస్తా ఎక్కించినప్పుడల్లా చూశాను. చివరి బస్తాకి దూలం దిగింది రెండు మిల్లీమీటర్ల లోపు. నా లెక్కలో వచ్చింది ఒకటింబావు. పాత కర్రకీ నా స్కేలు చూపుకీ మధ్య ఆ తేడా మామూలే. నలుగురం గోడవైపు నిలబడి విన్నాం. టకటక లేదు, చీలిక శబ్దం లేదు.

రాత్రంతా అలాగే వదిలేశాను. అమ్మ నడిమింట్లో పడుకోనంది.

జూన్ 16, సోమవారం

పొద్దున్నే బస్తాలు దించి స్కేలు పెట్టాను. దూలం మొదటి గుర్తుకి వచ్చేసింది. ఇదే అసలు చూడవలసింది. బరువుకి వంగడం తప్పు కాదు, బరువు తీశాక తిరిగి రాకపోతే ఏదో నలిగిందనో, జారిందనో అర్థం. ఎర్ర గీత విరగలేదు. కాకపోతే నట్టు ఒక పావు చుట్టు ఇంకా బిగిసింది, ప్లేటు కర్రలో సర్దుకుందన్నమాట. గోళ్ల రంగు మళ్లీ గీశాను.

జూన్ 21, శనివారం

బ్యాగు వేలాడింది! పై నుంచి వరస ఇదీ: ఐ బోల్టు, షాకిల్, జానెడు గొలుసు, షాకిల్, స్వివెల్, బ్యాగు నాలుగు గొలుసులు. షాకిల్ పిన్నులు కుదుపులకు తిరిగి ఊడిపోతాయి కాబట్టి ప్రతి పిన్ను కన్నంలోంచి ఇనుప తీగ దూర్చి మెలిపెట్టాను. బ్యాగు అడుగు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది.

ఐ బోల్టు ఎప్పుడైనా తెగితే బ్యాగు కాళ్ల మీద పడకుండా ఒక కాపు గొలుసు కూడా పెట్టాను. దూలం చుట్టూ తిప్పి, కొంచెం వదులుగా, స్వివెల్ కింద కలిపాను. నా తెలివికి మురిసిపోయాను. అమ్మాయి పది నిమిషాలు కొట్టింది. బ్యాగు తిరిగింది, స్వివెల్ తిరిగింది, దాంతోపాటు కాపు గొలుసు తీగలా మెలికలు పడి మొత్తాన్ని బిగబట్టేసింది. స్వివెల్ ఉన్నదే బ్యాగు తిప్పుడు పై దాకా వెళ్లకుండా. దాని కిందికి గొలుసు కట్టి నేనే ఆ పనిని చెడగొట్టాను. కాపు గొలుసు స్వివెల్ పై కంటికి మార్చాను. ఇప్పుడు బోల్టు, షాకిళ్లు తెగితే కాస్తుంది, స్వివెల్ తెగితే కాయదు. అందుకే స్వివెల్ మాత్రం చవకది కొనకూడదు.

ఇంకో సమస్య. కింద నుంచి పైకి అప్పర్‌కట్ కొట్టినప్పుడల్లా అటక మీంచి దుమ్ము రాలుతోంది, గొలుసు ఠక్కుమంటోంది. "ఇల్లు వణుకుతోందిరా" అంది అమ్మ. కాదనలేకపోయాను, నా కాళ్లకూ తెలిసింది.

రాత్రి ఆ ఠక్కును లెక్కగట్టాను. బ్యాగు ఒక సెంటీమీటరు పైకి లేచి, గొలుసు బిగుసుకునేదాకా ఊరికే పడుతుందనుకుందాం. అప్పుడు గొలుసు మీద ఎంత పడుతుందన్నది, పట్టుకునేది ఎంత సాగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మా దూలం, గొలుసు కలిసి బ్యాగు బరువుకి సాగేది ఒక మిల్లీమీటరు అనుకుంటే:

```
రెట్లు = 1 + √(1 + 2 × పడిన ఎత్తు ÷ సాగుదల)
       = 1 + √(1 + 2 × 10 ÷ 1) ≈ 5.6
```

39 కిలోలకు 5.6 రెట్లంటే 218. నేను దూలానికి పెట్టుకున్న 200 దాటేసింది. తోలు పట్టీలూ గుడ్డ ముక్కలూ కొంత మింగుతాయి, అసలు అంత ఉండకపోవచ్చు. పరీక్షలో 222 మోసింది కూడా. కానీ అది ఒకసారి, ఇది రోజుకు వందసార్లు. ఐదు రెట్లు చాలని ముందు అనుకున్నది అంచనా, సూత్రం ముందు పెట్టాక అది సరిపోలేదు.

జూన్ 28, శనివారం

స్ప్రింగు దొరికింది. బ్యాగు వేలాడదీస్తే 18 మిల్లీమీటర్లు సాగింది. పై లెక్కలో 1 బదులు రెండూ కలిపి 19 వేస్తే రెట్లు 5.6 నుంచి 2.4కి దిగుతుంది, 218 కిలోలు 95 అవుతుంది. దూలాన్ని బలపరచడం కంటే, బోల్టు లావు పెంచడం కంటే ఈ చుట్టలు తిరిగిన తీగ ఎక్కువ పని చేసింది. గొలుసు జానెడు ముక్క తీసేసి ఆ చోట స్ప్రింగు పెట్టాను. కాపు గొలుసు వదులు మాత్రం కాస్త పెంచాలి, లేకపోతే స్ప్రింగు సాగినప్పుడల్లా అది బిగుసుకుని మళ్లీ ఠక్కుమంటుంది. నాలుగు వేళ్ల వదులు సరిపోయింది. స్ప్రింగు విరిగినా ఆ గొలుసే ఆపుతుంది.

దుమ్ము రాలడం ఆగింది. అమ్మ ఏమీ అనలేదు, అంటే బాగుందనే.

జూలై 20, ఆదివారం

నెల చూపు. ఎర్ర గీత విరిగింది, వెంట్రుకవాసి. వానలకు దూలం ఉబ్బి ఉంటుంది, ఎండలొచ్చాక మళ్లీ వదులవుతుంది. లాక్‌నట్టు వదిలి, నట్టు బిగించి, మళ్లీ గీశాను. ఐ బోల్టు కంటి లోపల షాకిల్ ఆనేచోట వెర్నియర్ పెడితే 11.9. కొన్నప్పుడు 12. ఉయ్యాల కొక్కెం గుర్తొచ్చి ఆ తేదీ, ఆ కొలత అటక చెక్క అడుగున పెన్సిలుతో రాశాను. పదిన్నరకి వస్తే బోల్టు మార్చేస్తానని దాని కింద ఇంకో వాక్యం. స్ప్రింగు చుట్టల మధ్య టార్చి వేసి చూశాను, పగుళ్లు లేవు. స్వివెల్‌లో రెండు చుక్కల నూనె.

బ్యాగులో గుడ్డ ముక్కలు కిందికి దిగి పైన నాలుగంగుళాలు డొల్లయింది. పై నుంచి మళ్లీ దట్టించాలి. దట్టించాక కాటా మీద తూయాలి.